వయ్యారిభామను పట్టించిన తేదీలు

2000వ సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా శెనక్కాయ చేలమీద ఒక తెగులు విరుచుకుపడింది. విత్తి నెల తిరిగిన లేత మొక్కలు కొస నుంచి నల్లబడి, కాండం దాకా మాడి, నిలువునా చచ్చిపోయాయి. ఆ ఒక్క పంటకాలంలో సుమారు రెండుంపావు లక్షల హెక్టార్లలో పంట దెబ్బతిన్నదని, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అప్పటి అంచనా. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లా ఇది. గార్లదిన్నె లాంటి మండలాల్లో పెనకచెర్ల డ్యాము నీళ్లు అందే కొన్ని పొలాలు, బోర్ల కింద చీనీ తోటలు తప్పిస్తే మెట్టచేలకు ఆధారం ఆ వర్షాధారపు శెనక్కాయే. కాబట్టి ఆ పంట ఎందుకు పోయిందన్నది తేలకపోతే మళ్లీ ఏడాది విత్తనం వేయడానికే గుండె చాలదు.

మొదట అందరి అనుమానం పాత శత్రువు మీదికే పోయింది. శెనక్కాయలో మొవ్వకుళ్లు వైరస్ తెగులు ఈ నేలకు కొత్త కాదు. తామర పురుగులు ఆ వైరస్‌ను మోసుకొస్తాయి. లేత ఆకులమీద పసుపు మచ్చలు, వలయాలు వస్తాయి, మొవ్వ మాడిపోతుంది. 2000లో కనబడిందీ దాదాపు అలాగే ఉంది. లేత ఆకు మీద మచ్చ ఉంది, మొవ్వ మాడింది, చేలో తామర పురుగులూ ఉన్నాయి. ఒక్క రోజు చేలోకి వెళ్లి ఒక్క మొక్క చూసి వచ్చినవాళ్లెవరైనా అది మొవ్వకుళ్లే అనడంలో తప్పులేదు.

తేడా తెలియాలంటే అదే మొక్కను వారం తర్వాత మళ్లీ చూడాలి. మొవ్వకుళ్లు వచ్చిన మొక్కకు మొవ్వ పోయినా పక్క కణుపుల నుంచి చిన్నచిన్న పిలకలు గుంపుగా పుట్టుకొస్తాయి. ఆకులు ముడుచుకుపోయి మొక్క గిడసబారి చాలాకాలం నిలబడుతుంది. కొత్త తెగులు నడక వేరు. లేత ఆకుల మీద గోధుమరంగు మాడు మచ్చలు లేస్తాయి. అక్కడి నుంచి మాడు ఆకుకాడకు దిగుతుంది, కాడ నుంచి కాండానికి దిగి, కాండం పొడవునా కిందికి పాకుతుంది. లేత మొక్కయితే పిలకలు వేసే వ్యవధి కూడా ఉండదు, మొత్తం చచ్చిపోతుంది. కాస్త ముదిరాక తగిలిన మొక్క బతికినా, దాని కాయల మీద నల్లటి మాడు మచ్చలు పడి కాయ చిన్నదవుతుంది. ఈ రెండు తెగుళ్లనూ విడదీసేది లక్షణం ఒక్కటే కాదు, లక్షణాలు వచ్చిన వరస కూడా. ఆ వరస తెలియాలంటే కనీసం రెండు తేదీలు కావాలి.

ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ హైదరాబాదు కేంద్రం వారు ఇతర నిపుణులతో కలిసి ఈ నమూనాలను పరీక్షించారు. వైరస్‌లను గుర్తించే ఎలైసా పరీక్షలో ఇది మొవ్వకుళ్లు వైరస్ కాదని తేలింది. రసం తీసి అలసంద లాంటి పరీక్ష మొక్కలకు పూసి, వైరస్‌ను వేరు చేసి, దాని పైపొర ప్రొటీన్ జన్యువును చదివి చూస్తే అది టొబాకో స్ట్రీక్ వైరస్ అని బయటపడింది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1936లో జేమ్స్ జాన్సన్ పొగాకు మీద వర్ణించిన పాత వైరస్ అది. ఎ.ఎస్.రెడ్డి, ఆర్.డి.వి.జె.ప్రసాదరావు, డి.వి.ఆర్.రెడ్డి తదితరులు ఈ ఫలితాలను 2002లో ‘ప్లాంట్ డిసీజ్’ పత్రికలో ప్రకటించారు. తెగులుకు వేరుశనగ కాండం కుళ్లు వైరస్ తెగులు అనే పేరు స్థిరపడింది.

పేరు దొరికింది గానీ కారణం ఇంకా సగమే దొరికింది. చేలోకి ఆ వైరస్ ఎక్కడి నుంచి వచ్చింది? శెనక్కాయ విత్తనం ద్వారా వస్తోందా అని చూశారు, రావడం లేదు. తామర పురుగు మోస్తోందనుకుంటే, మొవ్వకుళ్లులో మాదిరి ఇది పురుగు ఒంట్లో చేరి పెరిగే వైరస్ కాదు. మరి పురుగుకూ దీనికీ సంబంధం ఏమిటి?

ఈ చిక్కుముడికి జవాబు అప్పటికే ఆస్ట్రేలియాలో దొరికి ఉంది. 1987లో స్డూడీ, టీకిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక కొత్త సంగతి చూపించారు. ఈ వైరస్ పుప్పొడిలో ఉంటుంది. తామర పురుగులు పూలలో తిరిగేటప్పుడు ఆ పుప్పొడి వాటి ఒంటికి అంటుకుంటుంది. ఆ పురుగు మరో మొక్క లేత ఆకును గీరి రసం పీల్చినప్పుడు, ఆకు మీద రాలిన పుప్పొడిలోని వైరస్ ఆ గాయం గుండా లోపలికి పోతుంది. అంటే పురుగు ఇక్కడ వైరస్‌ను కడుపులో దాచుకోదు, గాయం చేస్తుంది, పుప్పొడి మోస్తుంది, అంతే. గాలికి ఎగిరొచ్చిన పుప్పొడి ఆకు మీద పడి ఉన్నా, పురుగు గీరితే చాలు.

అయితే ఆ పుప్పొడి ఎవరిది? శెనక్కాయది కాదు. శెనక్కాయ పువ్వులో కేసరాలు మూసుకున్న రేకుల మధ్యే ఉంటాయి, పువ్వు తనలో తానే పరాగసంపర్కం చేసుకుంటుంది, పుప్పొడి బయటికి రాదు. విపరీతంగా పుప్పొడి రాల్చేదీ, చేల గట్ల మీదా రోడ్ల పక్కనా బీళ్లలోనూ ఎక్కడ చూసినా ఉండేదీ ఒక్కటే: వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటాం. పరీక్షిస్తే ఆ మొక్కలలో వైరస్ ఉంది, కానీ పైకి ఏ మచ్చా లేదు. పచ్చగా, ఏపుగా, తెల్లపూలతో కళకళలాడుతూనే రోగాన్ని మోస్తోంది. వైరస్ ఉన్న పుప్పొడి సమక్షంలో మూడు రకాల తామర పురుగులు దీన్ని అంటించగలవని ప్రసాదరావు బృందం 2003లో ప్రకటించింది. పొద్దుతిరుగుడు కూడా ఈ వైరస్‌కు లొంగుతుంది. దాని మీద ఇలాంటి మాడు తెగులు 1997లోనే కర్ణాటకలో కనిపించింది.

ఇక్కడే తేదీల ప్రాముఖ్యం బోధపడుతుంది. శెనక్కాయ మీద మచ్చ కనబడేది ఆగస్టులో. కానీ కథ మొదలయ్యేది అంతకు రెండు నెలల ముందు, చేను ఇంకా బీడుగా ఉన్నప్పుడు. మే, జూన్ నెలల్లో ముందస్తు వానలు పడితే వయ్యారిభామ గట్ల మీద మొలుస్తుంది. మొలిచిన నెలా నెలన్నరకే పూతకు వస్తుంది. శెనక్కాయకు పదును వాన పడి జులైలో విత్తేసరికి గట్టు మీద తెల్లపూలు సిద్ధంగా ఉంటాయి. ఆ తర్వాత వాన ఎడంగా పోయి పొడి వాతావరణం వస్తే తామర పురుగు పెరుగుతుంది. లేత శెనక్కాయ, పూతమీదున్న వయ్యారిభామ, పెరిగిన పురుగు, ఈ మూడూ ఒకే పక్షంలో కలిసిన ఏడాది తెగులు విజృంభిస్తుంది. తొలివాన ఆలస్యమై, వయ్యారిభామ పూతకు ముందే విత్తనం పడిన ఏడాది అదే చేలో అదే విత్తనానికి తెగులు అంతగా రాకపోవచ్చు. ఈ తేడాకు కారణం ఆగస్టు నెలలో ఎంత వెతికినా దొరకదు.

పంట తెగులును తేదీలతో చదివే శాస్త్రానికి పునాది దక్షిణాఫ్రికాకు చెందిన జె.ఇ.వాండర్‌ప్లాంక్ వేశాడు. 1963లో వచ్చిన తన పుస్తకంలో ఆయన తెగుళ్లను రెండుగా విడదీశాడు: వడ్డీ తెగుళ్లు, చక్రవడ్డీ తెగుళ్లు. చక్రవడ్డీ తెగులులో రోగం తగిలిన మొక్కే పక్క మొక్కకు రోగం అంటిస్తుంది. శెనక్కాయ మీద వచ్చే తిక్క ఆకుమచ్చ అలాంటిది. ఒక ఆకు మీద మచ్చ ముదిరి, దాని బూజు పొడి రాలి, నాలుగు ఆకుల మీద పడుతుంది. వారం వారం లెక్క పెడితే సంఖ్య రెట్టింపులవుతూ పోతుంది. మామూలు వడ్డీ తెగులులో అసలు చేను బయటే ఉంటుంది. రోగం తగిలిన మొక్క ఇంకో మొక్కకు ఏమీ ఇవ్వదు, ప్రతి కొత్త రోగమొక్కకూ రోగం బయటి నుంచే రావాలి. లెక్క మెల్లగా కొన్నాళ్లు పెరిగి, బయటి మూలం ఆగగానే నిలిచిపోతుంది. కాండం కుళ్లు వైరస్ ఈ మామూలు వడ్డీ రకం.

ఈ విభజన, రైతు చేను చూసి తేదీలవారీగా రాసుకునే పుస్తకంలో ఎలా కనిపిస్తుందో ఒక నమూనాతో చూద్దాం. ఇది ఏ ఒక్కరి పుస్తకమూ కాదు, తెగులు నడకను బట్టి వేసిన ఉదాహరణ. గార్లదిన్నె దగ్గర హైవే పక్కన ఐదెకరాల ఎర్రనేల చేను అనుకుందాం. రోడ్డు వైపు గట్టు దగ్గర ఒకచోట, చేను నడుమ ఒకచోట ఇరవయ్యేసి మొక్కలను ఎంచి, చివర్లలో పుల్లలు పాతి, ప్రతి వారం ఆ మొక్కలనే చూస్తారు. పుస్తకంలో ఇలా ఉంటుంది.

మే 28. మంచి వాన. రోడ్డు గట్టున వయ్యారిభామ మొలకలు.

జులై 8, పునర్వసు. పదును వాన. గొర్రుతో విత్తినాం. గట్టున వయ్యారిభామ తెల్లగా పూసింది.

జులై 15. మొలక బాగుంది.

జులై 20 నుంచి వాన లేదు. ఎండ, గాలి.

ఆగస్టు 3, ఆశ్లేష. లేత ఆకులపై గోధుమ మచ్చలు. రోడ్డు వైపు ఇరవైలో మూడు, నడుమ సున్న. ఆ మూడింటికీ ఎర్రదారం కట్టినాం.

ఆగస్టు 10. దారం కట్టిన వాటిలో రెండు చచ్చినాయి, ఒకదానికి కాండం సగం దాకా నల్లబడింది. పిలకలు రాలేదు. రోడ్డు వైపు మొత్తం ఏడు, నడుమ ఒకటి.

ఆగస్టు 12. వాన.

ఆగస్టు 17, మఖ. రోడ్డు వైపు తొమ్మిది, నడుమ రెండు. తెగులు మొక్కలు వానకు తేరుకోలేదు.

ఆగస్టు 24. రోడ్డు వైపు తొమ్మిది, నడుమ రెండు. గట్టున వయ్యారిభామ పూత తగ్గింది.

ఈ కొద్ది పంక్తులు ఒక్కొక్క అనుమానాన్ని పక్కకు నెడతాయి. బెట్ట వల్ల వడలిందా? బెట్టకు వడలిన మొక్క పొద్దున పూట నిలబడుతుంది, వానకు తేరుకుంటుంది. ఆగస్టు 12 వాన తర్వాత ఇది తేరుకోలేదు. మొదలుకుళ్లా? దానికి మొక్క మొదట్లో, మట్టికి ఆనుకున్నచోట కుళ్లి, నల్లటి బూజు పొడి కనిపిస్తుంది. ఇక్కడ మాడు పైనుంచి కిందికి దిగింది. పక్కచేలో కొట్టిన కలుపుమందు గాలికి వచ్చి పడిందా? అలాగైతే అన్ని మొక్కలూ ఒకే తేదీకి దెబ్బతినాలి, ఆ తర్వాత వచ్చే ఆకులు బాగుండాలి. ఇక్కడ మూడు, ఏడు, తొమ్మిది అని మెట్లుమెట్లుగా పెరిగింది. మొవ్వకుళ్లా? పక్క పిలకలు రాలేదు, కాండం పొడవునా మాడి చచ్చింది.

మిగిలిన రెండు సంగతులు మూలం వైపు వేలు చూపుతాయి. ఒకటి, రోడ్డు గట్టుకూ చేను నడుమకూ ఉన్న తేడా. రోగం బయటి నుంచి వస్తోందని ఆ తేడా చెబుతుంది. రెండు, చివర్లో లెక్క ఆగిపోవడం. చక్రవడ్డీ తెగులయితే తొమ్మిది తర్వాత పద్దెనిమిది కావాలి, చేను నడుమకూ పాకాలి. అది జరగలేదంటే రోగం తగిలిన శెనక్కాయ ఇంకో శెనక్కాయకు ఏమీ ఇవ్వడం లేదన్నమాట.

దీన్నుంచి చేలో చేయాల్సిన పని నేరుగా మారిపోతుంది. తెగులు కనబడగానే ఆ మొక్కలను పీకి పారేయడం సహజంగా తోచే పని. ఈ తెగులులో దానివల్ల లాభం లేదు, పైగా చేను పలచబడుతుంది. పలచటి చేను మీద తామర పురుగు ఎక్కువగా వాలుతుంది. పీకాల్సింది శెనక్కాయను కాదు, గట్టు మీది వయ్యారిభామను. అదీ ఆగస్టులో కాదు, తొలివాన తర్వాత, పూత రాకముందు. పూసిన మొక్కను కదిపితే పుప్పొడి దులిపినట్టే అవుతుంది, విత్తనం కూడా రాలుతుంది. చేతులకు తొడుగులు వేసుకోవాలి, దీని వల్ల చాలామందికి చర్మం దద్దుర్లెక్కుతుంది, ఉబ్బసం వస్తుంది. శెనక్కాయతోపాటే పొలం చుట్టూ కనీసం నాలుగు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ దట్టంగా వేస్తే ఎగిరొచ్చే పురుగూ పుప్పొడీ కొంత అక్కడే ఆగుతాయి. చేను పక్కనే పొద్దుతిరుగుడు వేయకపోవడం మంచిది. విత్తనశుద్ధికి కిలో విత్తనానికి 2 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ పట్టించమని సిఫారసు ఉంది. అది మొదటి రోజుల్లో పురుగును తగ్గిస్తుంది గానీ గట్టు మీద పుప్పొడిని ఆపదు.

పుస్తకానికి హద్దులు కూడా ఉన్నాయి, అవి తెలియకపోతే అదే దారి తప్పిస్తుంది. వైరస్ లోపలికి పోయిన రోజు వేరు, మచ్చ కంటికి కనిపించిన రోజు వేరు. మధ్యలో కొన్ని రోజుల ఎడం ఉంటుంది. కాబట్టి ఆగస్టు 3న కనబడిన మచ్చకు ఆగస్టు 2న జరిగినదాన్ని కారణం అనుకోకూడదు, జులై చివరి వారంలో ఏం జరిగిందో చూడాలి. చాలామంది మచ్చకు ముందురోజు కొట్టిన మందును తప్పుపట్టేది ఈ పొరపాటు వల్లే. రెండోది, లెక్క ఆగిపోవడానికి వయ్యారిభామ పూత తగ్గడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. మొక్క ముదిరి తట్టుకోవడం, వానకు పురుగు తగ్గడం కూడా దానికి తోడవుతాయి. ఒక్క ఏడాది పుస్తకం అనుమానాన్ని బలపరుస్తుంది, రుజువు చేయదు. మరుసటి ఏడాది రోడ్డు వైపు గట్టును పూతకు ముందే శుభ్రం చేసి, అదే చోట ఇరవై మొక్కలను మళ్లీ లెక్కపెడితే అది సరిచూసుకోవడం అవుతుంది. మూడోది, కన్ను వైరస్‌ను చూడలేదు. రెండు తెగుళ్లూ ఒకే మొక్కకు తగిలే వీలూ ఉంది. అనుమానం ఉన్న మొక్కను వేళ్లతో సహా తీసి, పుస్తకంతోపాటు వ్యవసాయ పరిశోధన కేంద్రానికి గానీ కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ తీసుకెళ్లాలి. ఉత్త మొక్కను చేతికిస్తే ప్రయోగశాల ఏ వైరస్సో చెప్పగలదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. రెండోది చెప్పేది పుస్తకమే.

ఇంకో మాట. పుస్తకంలో కారణం రాయకూడదు, చూసింది రాయాలి. ‘వైరస్ వచ్చింది’ అని రాస్తే పదిరోజుల తర్వాత దానితో పని లేదు. ‘కొస నుంచి రెండో ఆకు మీద గోధుమ మచ్చ, కాడ నల్లబడింది, పిలకలు లేవు’ అని రాస్తే ఎన్నేళ్ల తర్వాత ఎవరు చదివినా తేల్చగలరు. సున్న వచ్చిన వారం కూడా సున్న అని రాయాలి, ఎందుకంటే తెగులు ఎప్పుడు మొదలైందో చెప్పేది ఆ చివరి సున్నే. కార్తె పేరు రాసే అలవాటు ఉంటే దాని పక్కనే తేదీ కూడా వేయండి.

ఈ తెగులు మనకు నేర్పిన పాఠం ఇది: మచ్చ కనబడిన రోజున తెరిచిన పుస్తకంలో తెగులు మాత్రమే ఉంటుంది, కారణం ఉండదు. కారణం మే నెల తొలివానలో, గట్టు మీద మొలిచిన కలుపులో, విత్తనానికి ముందు పూసిన పువ్వులో ఉంది. అందుకని చేలో ఇంకా ఏమీ లేనప్పుడే, తొలివాన పడిన రోజునే, గట్టు మీద ఏముందో రాస్తూ పుస్తకం మొదలుపెట్టండి.